పదకొండేళ్ళ డబ్బా, నలభై అయిదు సెకన్ల అబద్ధం

నేను ముప్పై ఏళ్ళుగా కోతలు కోస్తున్నాను. ఇంతవరకు ఒక్కరు కూడా వాటివల్ల నష్టపోయామని నా మీదికి రాలేదు. రెజిమెంటల్ బజార్‌లో నాకు మిక్సీలూ గ్రైండర్లూ బాగుచేసే దుకాణం ఉంది. మిక్సీ విప్పి బిగించడానికి అరగంట పడుతుంది. ఆ అరగంట ఎదుటి మనిషి స్టూలు మీద ఊరికే కూర్చుంటే నాకు ఊపిరాడదు. అందుకని చెబుతాను. నేను బాగుచేసిన ఒక మిక్సీ స్విచ్చి వేస్తే మౌలాలి గుట్ట మీది కోతులన్నీ మూట సర్దుకుని దిగిపోయాయని చెబుతాను. ఒకాయన గ్రైండర్‌లో పప్పు పోసి మరచిపోయి ఊరెళ్ళి వస్తే, పిండి తలుపు తెరుచుకుని ఎదురొచ్చి సూట్‌కేసు అందుకుందని చెబుతాను. వాళ్ళు నవ్వుతారు, మిక్సీ తీసుకుపోతారు. నమ్మినవాడు లేడు, నొచ్చుకున్నవాడూ లేడు. ఇంత నికార్సయిన వృత్తిని, అదే ప్రవృత్తిని, నా అక్క కూతురు నలభై అయిదు సెకన్లలో పాడుచేసింది.

ఆ పిల్ల ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి ఫోన్‌లో చిన్న చిన్న హాస్యం వీడియోలు తీస్తుంది. ఇంట్లో అందరికీ జరిగేవే. రిమోట్ కనపడకపోవడం, పెళ్ళికి బయలుదేరేటప్పుడు అమ్మకు తాళం వేశానా లేదా అన్న అనుమానం రావడం, అలాంటివి. తనే రాస్తుంది, తనే రెండు మూడు వేషాలు వేస్తుంది. చున్నీ ఇటు వేస్తే అత్త, అటు వేస్తే కోడలు. కిందటి ఏడాది రాయడానికి ఏమీ తోచడం లేదని ఆదివారం చిలకలగూడలోని మా ఇంటికి వచ్చింది.

"మామా, నీ దగ్గర స్టోరీలు మస్తుంటయి గద. జెర నాలుగు చెప్పు, రాస్కుంట."

ఎవరైనా అలా అడిగితే నేను ఆగుతానా? గ్రైండర్ పిండి కథ మొదలుపెట్టాను. ఆ గ్రైండర్ యజమాని తాత ఎవరో, ఆయన ఏ ఊరివాడో చెబుతున్నాను. పిల్ల బొటనవేలు గాలిలో పైకి తోసింది.

"అదేంది?"

"పోయింది మామా. నిన్ను చూసెటోళ్ళు ఇంకో వీడియోకు పోయిండ్రు. తాత దగ్గర్నే పోయిండ్రు."

"తాత లేకుంటే కథకు బలమేముంటదే?"

"మొదటి మూడు సెకండ్లల్ల చూసెటోనికి 'అరే, మా ఇంట్ల గూడ గిట్లనే' అనిపియ్యాలె. గదే సెటప్. ఒక్క షాట్, ఒక్క మాట. తర్వాత ఎస్కలేషన్. అదే పరేషానీ మూడు మెట్లు ఎక్కాలె. ఒక మెట్టుకన్న ఇంకో మెట్టు జెర పెద్దగ, గని మొదటి దాంట్ల కెల్లే పుట్టాలె. ఆఖర్ల పంచ్. అది పడంగనే కట్. నవ్వు వచ్చినంక ఒక్క ముక్క గూడ మాట్లాడొద్దు."

నాకు చాలా కోపం వచ్చింది. నవ్వు వచ్చాక మాట్లాడకపోతే ఇక చెప్పడమెందుకు? నవ్వించాక "అర్థమైందా, పిండి వచ్చి సూట్‌కేసు పట్టుకుంది" అని మళ్ళీ ఒకసారి అనుకుని నవ్వుకోవడంలోనే కదా సుఖం! ఆ మాటే అన్నాను. జోక్‌ను విప్పి చెబితే అది మిక్సీ విప్పినట్టే, మళ్ళీ బిగించేదాకా తిరగదు అంది. నా దుకాణం ఉపమానం తీసుకుని నన్నే కొట్టింది.

అప్పుడే గంట మోగింది. ఎదురింటావిడ డబ్బా ఇచ్చి వెళ్ళింది.

ఈ డబ్బా సంగతి ముందు చెప్పాలి. మాదీ వాళ్ళదీ ఒకే అంతస్తు. రెండు తలుపులు ఎదురెదురు, మధ్య ఆరడుగుల వరండా. ఆవిడ నా భార్యకన్నా పెద్దది. ఇద్దరమూ ఆపా, అంటే అక్కా, అంటాం. పదకొండేళ్ళ క్రితం మేము సామాను దించుతున్న రోజున ఆవిడ ఒక స్టీలు డబ్బాలో బగారా అన్నం పంపింది. మనలో తిరిగిచ్చే గిన్నె ఖాళీగా పంపకూడదు కదా. నా భార్య అందులో మురుకులు వేసి పంపింది. వాళ్ళకూ అదే పట్టింపు. ఇంకేముంది, డబ్బా ఆ రోజు నుంచి ఆగలేదు. అది ఆపాకు పెళ్ళిలో పుట్టింటివాళ్ళు పెట్టిన సామానులోది. మూత పక్కన, అంచు కింద, వాళ్ళ నాన్న పేరు చుక్కల అక్షరాలతో కొట్టించి ఉంటుంది. ఆ పెద్దాయన ఇప్పుడు లేడు. మా బిల్డింగులో పద్నాలుగు ఇళ్ళు. ఏదో ఒక పండుగకు ఆ డబ్బా ఎక్కని మెట్టు లేదు కాబట్టి ఆ పేరు తెలియనివాళ్ళూ లేరు. నా భార్యకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఇరవై రోజులు పలచటి కిచిడీ అందులోనే వచ్చింది. అప్పుడు తిరుగు డబ్బాలో వేయడానికి నాకేమీ వండడం రాక, కిరాణా దుకాణం నుంచి చక్కెర కొని నింపి ఇచ్చాను. ఆపా ఏమీ అనలేదు. ఆ చక్కెరతోనే మళ్ళీ ఏదో చేసి పంపింది.

పిల్ల ఆ డబ్బా చూసింది. మూత తీసి ఖీర్ చూసింది. నా భార్య వంటింట్లోంచి "అయ్యో, ఇప్పుడు దీంట్ల ఏమేసి పంపాలె?" అని అరవడం విన్నది. ఎగిరి మంచం మీద కూర్చుంది.

"మామా! గిదే! గిదే సెటప్! డబ్బా ఖాళీగ పంపొద్దు. దేశంల అందరి ఇండ్లల్ల ఉన్న పంచాయితీ."

ఇద్దరం కూర్చుని రాయడం మొదలుపెట్టాం. నేను మొదటి మెట్టుకే డబ్బా స్థానంలో నీళ్ళ డ్రమ్ము పెట్టాను. రెండో మెట్టుకు ఆటో. మూడోదానికి సికింద్రాబాద్ స్టేషన్ నుంచి గూడ్స్ బండి బయలుదేరాలి, నాలుగు వ్యాగన్ల పులిహోరతో.

"మామా, మొదటి మెట్టే మిద్దె మీద పెడ్తే రెండోది యాడ పెడ్తవ్? మెల్లగ ఎక్కాలె. మొదలు నాలుగు మురుకులు పంపింది. అటుకెల్లి ఖీర్ వచ్చింది. ఖీర్‌కు బదులు మురుకులు ఎట్ల పంపుతరు? ఈమె లీవ్ పెట్టి భక్ష్యాలు చేసింది. అటుకెల్లి బిర్యానీ వచ్చింది, మూత పడ్తలేదు. ఇప్పుడు ఈమె ఏం చెయ్యాలె? గంతే. గింతకన్న పెద్దగ పోతే అందరు అబద్ధమంటరు."

"అబద్ధమనే గదనే చెప్పేది!"

"రిలేటబుల్ ఉండాలె మామా."

ఆ మాట ఆ రోజు కనీసం ఇరవై సార్లు వినిపించింది. నా ఆటో తీసేసింది, రిలేటబుల్ కాదంది. నా గూడ్స్ బండి తీసేసింది. నీళ్ళ డ్రమ్ముకైనా చోటివ్వమంటే, ముందే మూత పడని డబ్బా ఉంది కదా అంది. నా అబద్ధాన్ని నాలుగు వైపులా గోకి గోకి, డబ్బాలో పట్టేంత చేసింది. నిజానికి అది బాగానే ఉందని నాకు తెలుస్తూనే ఉంది. అందుకే ఇంకా కోపం వచ్చింది.

పంచ్ మాత్రం కుదరలేదు. అటు తిప్పి ఇటు తిప్పి చివరికి పిల్ల అడిగింది: "అసలు గిన్ని స్వీట్లు వస్తే మీరు ఏం చేస్తరు? మామకు షుగర్ గద?"

నేను నోరు తెరిచేలోపల నా భార్య వంటింటి గుమ్మంలో నిలబడి జవాబు చెప్పింది. గొప్పగా చెప్పింది. "మీ మామకు బుద్ధి మస్తుంటది బిడ్డా. ఇంట్ల ఉంటే తినబుద్ధయితదని, వచ్చింది వచ్చినట్టే కింద వాచ్‌మన్‌కు ఇచ్చేస్తడు. నాక్కూడ ఒక్క చెంచా ఉంచడు."

ఇక్కడ నేను పాఠకులకు ఒక నిజం చెప్పాలి. నాకు అలవాటు లేని పని, అయినా చెబుతున్నాను. నా భార్య ఒక స్కూలు ఆఫీసులో పనిచేస్తుంది, సాయంత్రం నాలుగున్నరకు గాని రాదు. నేను రెండింటికి భోజనానికి ఇంటికి వస్తాను. ఆపా డబ్బా తెచ్చేది ఎక్కువగా ఆ వేళకే. కారం వస్తువైతే బల్ల మీద పెడతాను. తీపి అయితే, వంటగట్టు దగ్గర నిలబడి, పెద్ద గరిటెతో, మొత్తం తింటాను. షుగర్ అని డాక్టరు చెప్పిన ఆరేళ్ళ నుంచి ఇదే పని. సాయంత్రం నా భార్యతో వాచ్‌మన్‌కి ఇచ్చానంటాను. ఆవిడ నన్ను మెచ్చుకుని, రాత్రి నాకు ఒక చపాతీ ఎక్కువ వేస్తుంది.

ఆ ఒక్క క్షణంలో నేను నిజం చెప్పాల్సింది. చెబితే ఆరేళ్ళ చపాతీలు ఒక్కసారి లెక్కకు వస్తాయి. నోరు మూసుకున్నాను. పిల్ల కళ్ళు మాత్రం మెరిసిపోయాయి.

"దొరికింది మామా! ఈమె బిర్యానీ డబ్బా పట్కపోయి వాచ్‌మన్‌కు ఇస్తది. 'అన్నా, ఇది నువ్వు తిని డబ్బా ఇచ్చెయ్, ఆమెకు చెప్పకు' అంటది. గప్పుడు వాచ్‌మన్ అంటడు: 'ఎదురింటమ్మ గూడ గిదే మాటన్నది.' కట్!"

నేను నవ్వాను. ఏం చేయను, బాగుంది మరి. మాట చివరి ముక్కలో ఉంది దెబ్బ. అంతవరకు మూడు మెట్లు ఎక్కిన శ్రమంతా ఇద్దరు ఆడవాళ్ళది, తిండంతా ఒక్క మగవాడిది. పైగా అది నేను రాసిన అబద్ధం కూడా కాదు, నా భార్య నమ్మిన నిజం. చేతికి మట్టి అంటకుండా కుండ తయారైంది.

ఆ సాయంత్రమే మా గుమ్మంలోనే తీశారు. పిల్లే నా భార్య వేషం, పిల్లే ఎదురింటావిడ వేషం. వాచ్‌మన్‌గా ఒక స్నేహితురాలి అన్న. డబ్బా మాత్రం అసలు డబ్బా, పిల్లలు ఖీర్ తినేశాక బల్ల మీద ఖాళీగా ఉంది కదా అని తీసుకున్నారు. ఆ పేరు సంగతి ఎవరికీ తట్టలేదు. చుక్కల అక్షరాలు ఎదురుగా చూస్తే కనపడవు, వాలుగా వెలుతురు పడితేనే కనపడతాయి. బిర్యానీతో మూత పడని షాట్‌లో పిల్ల డబ్బాను కొంచెం వంచింది. గుమ్మం వెలుతురు పడింది. ఫోన్ల కెమెరాలు ఈ రోజుల్లో ఎంత బాగుంటున్నాయో నాకు చెప్పకండి, మండుతుంది.

రెండు రోజుల్లో వీడియో ఎక్కడికో పోయింది. కింద వందల మంది రాశారు, మా ఇంట్లో ఇంతే, మా అత్త ఇంతే, నూటికి నూరు నిజం అని. నూటికి నూరు నిజమట! ముప్పై ఏళ్ళు కోతులను గుట్ట దింపినా ఎవడూ నాకు నూటికి అయిదు కూడా ఇవ్వలేదు. పిల్ల నాకు ఫోన్ చేసి, "మామా, మనది నడిచింది" అంది. నేను దుకాణంలో ముగ్గురికి చూపించాను.

మూడో రోజు బిల్డింగు గ్రూపులో ఎవరో వీడియో పెట్టారు. కింద, డబ్బా వంచిన చోట ఆపి తీసిన ఫోటో. దాని కింద ఒక్క మాట: "ఈ డబ్బా మనందరికీ తెలుసు కదా?"

ఆ సాయంత్రం నా భార్య వచ్చి, ఏమీ తెలియక, డబ్బాలో రవ్వ లడ్లు సర్ది ఎదురింటి గంట కొట్టింది. నేను మా గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆపా తలుపు తీసింది. డబ్బా అందుకుంది. లోపలికి వెళ్ళింది. మా పళ్ళెంలోనే, పోయిన వారం మేము పంపిన పళ్ళెంలోనే, లడ్లన్నీ ఒంపి తెచ్చి నా భార్య చేతిలో పెట్టింది.

"డబ్బా చాలు చెల్లె. ఇవి వాచ్‌మన్‌కు మీరే ఇయ్యుండ్రి. మా తాన్నుంచి పోతే మల్ల మేమిచ్చినట్టయితది."

"ఆపా, ఏందిది?"

"మా అబ్బా పేరు పెట్టి చూపించిండ్రు. మీ వంట నేను ఎవలకో పారేస్తనని చూపించిండ్రు. ఒక్క మెతుకు పారెయ్యలే చెల్లె, పదకొండేండ్లల్ల."

తలుపు గట్టిగా వేయలేదు. మెల్లగా వేసింది. గట్టిగా వేసి ఉంటే బాగుండేది.

నా భార్య పళ్ళెంతో లోపలికి వచ్చి ఫోన్‌లో ఆ వీడియో మొదటిసారి చూసింది. రెండుసార్లు చూసింది. ఆవిడ నన్ను తిట్టలేదు. "టైఫాయిడ్ల నాకు గిన్నె కడిగింది ఆమె. నువ్వు కాదు," అంది. తర్వాత, "ఆమె మల్ల ఈ గడప తొక్కేదాక నాతో మాట్లాడకు," అంది. ఇవి ఆ వారంలో నాతో అన్న ఆఖరి రెండు మాటలు.

నేను పిల్లకు ఫోన్ చేశాను. తీసెయ్యమన్నాను.

"తీసేస్తే ఏమొస్తది మామా? అందరు ఫోన్లల్ల దింపుకున్నరు. ఇంకా, ఏదో దాస్తున్నమనుకుంటరు. నా వీడియో ఒక్కటి గింత దూరం పోవుడు ఇదే మొదలు. పేరున్న షాట్ నరికి మల్ల పెడ్త."

"పేరు నరికితే అబద్ధం పోతదా?"

"అబద్ధమేంది? అత్తనే చెప్పింది గద, వాచ్‌మన్‌కిస్తరని!"

దానికి నా దగ్గర జవాబు ఉంది. చెప్పగలిగిన జవాబు కాదు.

ఇంతలో అసలు వాచ్‌మన్ నన్ను గేటు దగ్గర పట్టుకున్నాడు. యాభై దాటిన మనిషి, ఎప్పుడూ మాట పెంచడు. ఆ రోజు పెంచాడు. "సార్, మీకు దండం పెడ్త. గా డబ్బాల తిండి యాడుంది? మూడో అంతస్తు అమ్మ నన్ను చూసి 'నీకేమయ్యా, రెండిండ్ల సొమ్ము తింటున్నవ్' అంటుంది. మా ఇంటిది వీడియో చూసి, గంత తిని మాకొక్క చెంచా తేలేదేందని నిన్న నాకు బువ్వ పెట్టలే. నేను ఆ డబ్బా మూత గూడ చూడలే సార్!"

ఈ మాట అతను పైకి వచ్చి నా భార్యతో అంటే అయిపోయింది. బతిమాలి కూర్చోబెట్టాను. నా మిక్సీల మీద ఒట్టు, నాలాంటివాణ్ణి ఇంత ఇరుకులో పెట్టిన దేశం ఇంకోటి ఉండదు. ఒక్కడు తింటే ఊరంతా విచారణ!

అప్పుడు నాకు తోచింది నాకు తెలిసిన పనే. అబద్ధం నుంచి బయటపడడానికి ఇంకో అబద్ధం. ఈసారి నా సైజులోది. ఆదివారం పొద్దున ఎదురింటి గంట కొట్టాను. ఆపా తలుపు తీసింది, సగం.

"ఆపా, మీకు అసలు సంగతి తెల్వదు. మా దుకాణం పక్కన గిన్నెల మీద పేర్లు కొట్టెటోడు ఉన్నడు గద, వాని మిషన్ ఒకనాడు ఇరుక్కపోయింది. పొద్దుగాల్నుంచి మాపటి దాక ఒక్కటే పేరు కొడుతనే ఉంది. నాలుగు వందల డబ్బాలు! అన్నిటి మీద మీ అబ్బా పేరే. వాన్ని ఆపుదామంటే కరెంటు తీసినా ఆగలే. వీడియోలది ఆ నాలుగు వందలల్ల..."

ఆపా వింటోంది. మామూలుగా అయితే కోతుల దగ్గరే నవ్వేది. కోతులు లేవు గాని, నాలుగు వందల దగ్గర పెదవి కొంచెం కదిలింది. తర్వాత ఆగిపోయింది.

"భయ్యా, పదకొండేండ్ల సంది మీ గప్పాలు వింటున్న. ఒక్కటి గూడ నన్ను తక్లీఫ్ పెట్టలే. ఎందుకంటే అవి గింత పెద్దగుంటయి," అని రెండు చేతులూ చాపింది. "ఈసారి మీరు చిన్నగ చెప్పిండ్రు. చిన్నగ చెప్తే నిజమనుకుంటరు భయ్యా. నేను గూడ అనుకున్న."

ఆ మాట పిల్లకు చెప్పాల్సింది, ఆ రోజు నా గూడ్స్ బండి ఆపినప్పుడు. గూడ్స్ బండి ఉంటే ఎవరి మనసూ విరిగేది కాదు. నాలుగు వ్యాగన్ల పులిహోరను వాచ్‌మన్ తిన్నాడంటే ఎవరు నమ్ముతారు? రిలేటబుల్ అట రిలేటబుల్! మనిషిని మనిషి నమ్మేంత చిన్నగా అబద్ధం కొయ్యమని చెప్పే చదువు ఇదేం చదువు?

వెనకాల మా తలుపు తెరుచుకుంది. నా భార్య వచ్చి నిలబడింది. నా మీద మాట్లాడని వ్రతం ఉంది కాబట్టి ఆపాతో అంది.

"ఆపా, తప్పు మాదే. మీరు పంపిన స్వీటు మేము వాచ్‌మన్‌కు ఇచ్చిన మాట నిజం. ఈయనకు షుగర్ ఉన్నదని ఇచ్చినం. మీకు చెప్పకపోవుడు తప్పే. మీరు మాది పారేస్తరని మాత్రం మేమెన్నడూ అనలే."

ఆపా ముఖం అప్పుడు చూడాలి. అంతవరకు వీడియో చూసి అనుమానంతోనే కోపగించుకుంది. ఇప్పుడు నిజమని నా భార్య తన నోటితో ఒప్పుకుంటోంది. "నిజమేనా? నా కద్దూ ఖీరు సుత?" అంది. "చెల్లె, దానికి నేను కద్దూ పొద్దుగాల్నుంచి తురుముత."

ఆ ఒక్క మాటకు నేను ఓడిపోయాను. ఆవిడ తురిమిన సొరకాయంతా గేటు దగ్గర పోయిందని ఆవిడ అనుకుంటోంది. ఒక్క తురుము ముక్క కూడా పోలేదు. గరిటె నాకాను నేను. అంత మంచి ఖీరుకు అంత అన్యాయం జరిగిందని ఆవిడ బాధపడుతుంటే, దాని న్యాయం తెలిసినవాడిని నేనొక్కణ్ణే.

"ఆపా, వాచ్‌మన్‌కు ఒక్క చెంచా పోలే," అన్నాను. "మొత్తం నేనే తిన్న."

ఇద్దరూ నన్ను చూశారు.

"ఎప్పటిది?" అంది నా భార్య. వ్రతం విరిగింది.

"అన్నీ."

"అన్నీ అంటే?"

"ఆరేండ్లవి. ఖీరు, సేవయ్యలు, డబల్ కా మీఠా. పెద్ద గరిటెతోని. నిలబడి." నిలబడి అన్నది ఎందుకు చెప్పానో నాకు తెలియదు. కూర్చుని తిన్నవాడికన్నా తప్పు తక్కువనిపించి ఉంటుంది.

"కద్దూ ఖీర్‌ల ఏమేస్త నేను? చెప్పుండ్రి," అని ఆపా పరీక్ష పెట్టింది.

"సాబూదానా. బాదం సన్నగ కోసి. యాలకులు. పోయిన రంజాన్ల ఒకసారి కోవా తక్కువైంది."

ఆపా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని భయపడ్డాను. "కోవా తక్కువైంది చెల్లె, నిజమే! ఆ దినం దుకాణంల దొరకలే! ఇంట్లోళ్ళు ఎవలు పట్టలే, ఈ మనిషి పట్టిండు!" అని నా భార్య భుజం పట్టుకుని నవ్వింది. నా భార్య నవ్వలేదు. ఆవిడ వేళ్ళ మీద ఏదో లెక్కపెడుతోంది. మూడు నెలలకోసారి నా రక్తపరీక్ష చీటీ చూసి, "ఇంత పత్యం చేసినా ఎందుకు తగ్గుతలేదు" అని ఆవిడ మందుల కంపెనీని తిట్టిన రోజులవి అనుకుంటాను.

పిల్లకు ఆ మధ్యాహ్నమే కబురు వెళ్ళింది. వచ్చి అంతా విని, ముందు ఆపా కాళ్ళ దగ్గర కూర్చుని ఫోన్ తీసి ఆ వీడియోను ఆవిడ కళ్ళ ముందే తీసేసింది. తర్వాత, సిగ్గులేని పిల్ల, పుస్తకం తీసింది.

"మామా, గిది ఆ దినమే చెప్తే మన పంచ్ ఎక్కడికో పోతుండె గదనే! సెటప్ అదే, మెట్లు అవే. ఆఖరి అయిదు సెకండ్లు మార్చాలె. మామ తిని మూతి తుడ్సుకుంటడు. అత్త వస్తది. 'వాచ్‌మన్‌కు ఇచ్చిన' అంటడు. కిందికెల్లి వాచ్‌మన్ గొంతు: 'సార్, ఎన్నడిస్తరు?' కట్!"

"నేను ఒప్పుకోను," అన్నాను.

"నేను ఒప్పుకుంట," అంది ఆపా. "నా వేషం నేనే ఏస్త. మా అబ్బా పేరు సాఫ్ కనబడాలె. ఇంకో మాట, నాలుగు మురుకులని రాసిండ్రు. చెల్లె ఎన్నడు పన్నెండుకు తక్కువ పంపలే. పన్నెండు చూపియ్యుండ్రి."

పిల్ల కొట్టివేసి పన్నెండు రాసుకుంది. నా మాటకు మాత్రం ఆ పుస్తకంలో ఒక్క గీత పడలేదు.

తీశారు. నాచేత నా వేషం వేయించారు. మీసానికి ఖీరు పూసి, తినబోతే గిన్నె లాక్కున్నారు. ముందు ఒక చెంచా నిజంగా తింటే మొహంలో నిజం వస్తుందని నేను వాదించాను. నా భార్య, "పెరుగు పుయ్యుండ్రి, కెమెరాకు తెల్వదు," అంది. అసలు వాచ్‌మన్ మెట్ల కింద నిలబడి తన ఒక్క మాటను తొమ్మిది సార్లు చెప్పాడు. ఆరేళ్ళ బాకీ మీద కోపం ఉంది కాబట్టి మొదటిసారే అద్భుతంగా వచ్చింది. మిగతా ఎనిమిదీ సరదాకు. ఆ తర్వాత ఆపా అతని ఇంటికని వేరే గిన్నె నింపి ఇచ్చింది.

వీడియో మొదటిదంత దూరం పోలేదు. అయినా రెజిమెంటల్ బజార్ దాకా వచ్చింది. అది నాకు చాలు, ఎక్కువ కూడా. నిన్న ఒకావిడ మిక్సీ తెచ్చి, నేను కోతుల కథ మొదలుపెట్టగానే, "అన్నా, అవన్నీ అబద్ధాలు, మీరు ఖీర్ తినుడు మాత్రం నిజం, మా ఇంట్లాయన గూడ గంతే," అంది. ముప్పై ఏళ్ళ వృత్తిలో నన్ను నమ్మిన మొదటి కస్టమరు.

డబ్బా మళ్ళీ తిరుగుతోంది. అయితే రెండింటికి రాదు. అయిదింటికి వస్తుంది, నా భార్య ఇంట్లో ఉందని తెలిశాక. పోయిన శుక్రవారం నేను కావాలనే దుకాణం తొందరగా మూసి వచ్చాను. గంట మోగితే నేనే తలుపు తీశాను. ఆపా చేతిలో డబ్బా, మూత అంచు మీద యాలకుల వాసన.

"చెల్లె ఉన్నదా భయ్యా?"

"ఉన్నది. ఇటివ్వుండ్రి, నేనిస్త."

"వద్దు. నేనే లోపటికి తెస్త."

నన్ను దాటుకుని వంటింట్లోకి వెళ్ళింది. తలుపు దగ్గరగా వేసుకున్నారు. రెండు చెంచాల చప్పుడు వినపడింది. తర్వాత నా భార్య ఏదో అంది, ఇద్దరూ చాలాసేపు నవ్వారు. నేను ముందు గదిలో కూర్చుని ఉన్నాను, షుగర్ లేని టీతో. ఏం చెప్పుకుని నవ్వుతున్నారో ఒక్క ముక్క వినపడలేదు.